విషయం: అక్టోబర్–డిసెంబర్ ప్రకటనల బడ్జెట్ పెంచమని వినతి

మంగళగిరి,
6 అక్టోబర్ 2025

మేడమ్ గారికి నమస్కారం.

జులై నుంచి సెప్టెంబర్ వరకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు నెలకు రూ.30,000 చొప్పున మొత్తం రూ.90,000 ఖర్చు చేశాం. జీఎస్టీ అదనం. వాటిని చూసి 3,000 మంది వాట్సాప్‌లో పలకరించారు, 210 ఆర్డర్లు వచ్చాయి. అమ్మకం రూ.6,09,000. మనకు మిగిలే 30 శాతం లెక్కన రూ.1,82,700. అందులో ప్రకటనల ఖర్చు తీసేస్తే రూ.92,700 మిగిలింది. మళ్లీ ప్రకటనతో పని లేకుండా వచ్చి రెండో చీర కొన్న 38 మందిని ఈ లెక్కలో కలపలేదు.

జులైలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. చీరల ఫొటోలను బూస్ట్ చేయడానికి రూ.12,000 పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి కానీ ఆర్డర్లు తొమ్మిదే. తర్వాత గుంట మగ్గం మీద నిజాం బార్డర్ నేస్తున్న వీడియో పెట్టి, కింద వాట్సాప్ బటన్ ఇచ్చాం. అక్కడి నుంచి పరిస్థితి మారింది. మనది నిజంగా చేనేతే అని కళ్లారా చూశాక ధర గురించి బేరమాడేవాళ్లు కూడా తగ్గారు.

మీరు ముఖ్యంగా చూడాల్సింది వరలక్ష్మీ వ్రతం ముందు రోజుల లెక్క. ఆగస్టు 1 నుంచి 5 వరకు రోజుకు రూ.2,000 పెట్టి చూశాను. ఖర్చు రెట్టింపైనా ఒక్కో మెసేజ్‌కి రూ.27 మించలేదు, ఆ ఐదు రోజుల్లోనే 44 ఆర్డర్లు వచ్చాయి. కానీ ఆ నెల డబ్బులో మూడో వంతు అక్కడే కరిగిపోయి, వినాయక చవితి వారంలో రోజుకు రూ.500తో సరిపెట్టాల్సి వచ్చింది. అడిగేవాళ్లు ఉండి కూడా మనం కనబడకపోవడం నాకు చాలా బాధనిపించింది.

ఈసారి అక్టోబర్, నవంబర్ నెలలకు రూ.60,000 చొప్పున, డిసెంబర్‌కి రూ.30,000 ఇవ్వమని కోరుతున్నాను. నవంబర్ 26 నుంచి శుక్ర మౌఢ్యం, పెళ్లిళ్లు ఉండవు. అందుకే డిసెంబర్‌కి పెంచమని అడగడం లేదు.

ఇప్పుడు ఒక్కో ఆర్డర్‌కి ప్రకటన ఖర్చు సుమారు రూ.429 పడుతోంది. ఏ వారమైనా అది రూ.600 దాటితే మీరు చెప్పకముందే పాత బడ్జెట్‌కి తగ్గిస్తాను. ప్రతి సోమవారం లెక్క మీకు పంపిస్తాను.

ఇంకో మాట. మెసేజ్‌లలో సగం రాత్రి ఎనిమిది దాటాకే వస్తున్నాయి. తెల్లారి జవాబిచ్చేసరికి చాలామంది వేరే చోట కొనేస్తున్నారు. పది గంటల వరకు జవాబిచ్చే మనిషి ఒకరు లేకపోతే పెంచిన డబ్బులో కొంత వృథా అవుతుంది. మగ్గాల మీద ఎన్ని చీరలు సిద్ధమవుతాయో కూడా మాస్టర్ గారితో ఒకసారి మాట్లాడితే బాగుంటుంది.

దీపావళి 20న. చీరలు పండక్కి ముందే చేరాలంటే 15లోపు కొరియర్ చేయాలి. కాబట్టి గురువారంలోగా మీ నిర్ణయం చెప్పగలరు. రేపు సాయంత్రం షాపు కట్టేశాక వీలుంటే లెక్కలన్నీ తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మీ సోషల్ మీడియా మేనేజర్