‘సద్దిమూట’ పాట కవర్, రెండో డ్రాఫ్ట్‌ మీద నా మాట

తమ్మీ, నువ్వు పంపిన 3000 × 3000 ఫైల్‌ను ముందు పూర్తి సైజులో, తర్వాత 640, 300, 64 పిక్సెళ్లకు తగ్గించి చూసిన. పెద్దగా ఉన్నప్పుడు మంచిగనే ఉంది. 64కి వచ్చేసరికి మన్నురంగు మరక తప్ప ఏం మిగలలే.

అసలు సంగతి బొమ్మల గుంపు. పిల్లలమర్రి, పత్తిచేను, డప్పు, బస్సు, గాయకురాలి ముఖం, మూట: ఒక్క చదరంల ఆరు బొమ్మలు. పాట బొంబాయి బస్సెక్కే పాలమూరు కూలీది. పిల్లలమర్రి మహబూబ్‌నగర్‌ది అని చెప్తది గానీ, ఊరు విడిచిపోవుడు చెప్పది. బస్సు కిటికీ ఊచకు వేలాడే మూట ఒక్కటే ఆ రెండూ చెప్తది. అది ఇప్పుడు కుడి మూలకు 400 పిక్సెళ్ల ముక్కగ ఉంది. దాన్నే నడుమకు తే, ఎత్తు 1300 దాకా పెంచు. ముఖం తీసెయ్, పాడిన అక్క ఒప్పుకోకుంటే నాతో మాట్లాడమను.

ఇగ అక్షరాలు. టైటిల్ ఎత్తు 180 పిక్సెళ్లు పెట్టినవ్. 64కి తగ్గితే అది నాలుగు పిక్సెళ్లు కూడా రాదు, ‘ద్ది’ కింది వత్తు అలుక్కుపోయి ‘సది’ లెక్క కనబడుతుంది. ఎత్తు 420 చెయ్, అప్పుడు తొమ్మిది పిక్సెళ్లు దక్కుతయి. నాలుగే అక్షరాలు కాబట్టి ఒక్క వరుసల పడతది. రామభద్ర లావు ఫాంటే, దానికి మళ్ల 14 పిక్సెళ్ల స్ట్రోక్ ఎందుకు? ‘ద’, ‘మూ’ లోపలి ఖాళీలు పూడుకపోయినయ్. స్ట్రోక్ తీసి, వత్తు కింద గాయకురాలి పేరుకు కనీసం 120 పిక్సెళ్ల ఎడం ఇయ్యి. ఇప్పుడు పేరు వత్తును గుద్దుకుంటుంది.

రంగు: నల్లరేగడి మీద ఎరుపు స్క్రీన్ మీద మెరుస్తది గానీ, గ్రేస్కేల్ చేసి చూడు, రెండూ ఒకటే బూడిద. జొన్నరొట్టె తెలుపు వాడు.

టైటిల్ పైనుంచి 2450 పిక్సెళ్ల దగ్గర ఉంది. యూట్యూబ్ కోసం 16:9కి కోస్తే పైన కింద 656 చొప్పున పోతది, అంటే 2344 కింద ఉన్నది మాయం. వాట్సాప్ డీపీ గుండ్రంగ కోస్తే మూలల ఉన్న గాయకురాలి పేరు కూడా పోతది. టైటిల్‌ను 800–1220 నడుమకు ఎక్కియ్యి, దానికి అడ్డం పడకుండ మూట దాని కిందికి. ముఖ్యమైనవన్నీ నడిమి 2100 పిక్సెళ్లలనే ఉంచు. అయినా థంబ్‌నెయిల్‌ను కోసి చెయ్యకు, 1280 × 720ల వేరేగ పేర్చు. ఒకే బొమ్మ రెండు ఆకారాలకు సరిగ్గ కుదరది.

ఫోన్ నంబర్, ఛానల్ హ్యాండిల్, ‘ఫుల్ సాంగ్ వచ్చేసింది’ మూడూ తీసెయ్. స్టోర్ల వాళ్లు అసొంటివి ఉన్న కవర్‌ను వెనక్కి పంపుతరు, విడుదల తేదీ జారుతది. ఆర్‌జీబీలనే సేవ్ చెయ్.

మళ్ల పంపేటప్పుడు 3000తో పాటు 640, 300, 64, గుండ్రం కోత అన్నీ ఒకే షీట్ మీద పక్కపక్కన పెట్టి, ఒకసారి తెల్ల నేపథ్యం మీద, ఒకసారి నల్ల నేపథ్యం మీద పంపు.