నోటి మాటతో ఇల్లు ఖాళీ చేయమన్నందుకు బాడుగదారు జవాబు

నెల్లూరు, వేదాయపాలెం
12 నవంబర్ 2025

ఇంటి ఓనరు కోటేశ్వరరావు గారికి,
మేడ మీద పోర్షన్‌లో బాడుగకు ఉంటున్న పెంచలయ్య నమస్కరించి రాయునది.

మొన్న ఆదివారం, 9వ తేదీ సాయంత్రం మీరు మెట్ల దగ్గర నిలబడి, ఈ నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయాలని మా ఆవిడతో చెప్పారు. ఆమె ఆరేసిన బట్టలు తీస్తూ ఉంది, నేనింకా షాపు నుంచి రాలేదు. రాత్రి నేను కిందికి వచ్చి అడిగితే అదే మాట అన్నారు, ‘కాగితాలూ గీగితాలూ ఏమీ అక్కర్లేదు, చెప్పాను కదా’ అన్నారు. అప్పుడు నేను ఎదురు మాట్లాడలేదు. అలాగని ఒప్పుకున్నట్టు కాదు. నా జవాబు ఈ ఉత్తరంలో ఇస్తున్నాను.

నవంబర్ 30కి ఇల్లు ఖాళీ చేయడం లేదు.

మనం స్టాంపు పేపరు మీద రాసుకున్న అగ్రిమెంటు 2025 జూన్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు, పదకొండు నెలలకు. అందులో 7వ షరతు మీకూ గుర్తుండే ఉంటుంది. మీ కాపీ వెంటనే దొరక్కపోతే అని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను: ‘గడువు తీరకముందే ఈ ఒప్పందమును ముగించదలచిన పక్షము, రెండవ పక్షమునకు రెండు నెలల ముందుగా లిఖితపూర్వకముగా నోటీసు ఇవ్వవలెను.’ ఈ షరతు పెట్టమన్నది మీరే. ముందున్నవాళ్లు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయి మూడు నెలలు ఇల్లు ఖాళీగా ఉండిందని ఆ రోజు డాక్యుమెంట్ రైటర్ దగ్గర చెప్పారు. నాకూ న్యాయంగానే అనిపించి సంతకం పెట్టాను. అది నాకు ఎంత వర్తిస్తుందో మీకూ అంతే కదా.

నోటీసు లేకుండా ఖాళీ చేయించే వీలు 9వ షరతులో ఒక్కటే ఉంది. వరసగా రెండు నెలల బాడుగ బాకీ పడితేనో, ఇంకొకరికి ఇల్లు అప్పజెబితేనో. ఈ రెండూ జరగలేదు. నెలనెలా 5వ తేదీ లోపు రూ. 9,500 మీ అకౌంటుకు వేస్తున్నాను, ఈ నెలది 3వ తేదీనే వేశాను. జూన్ నుంచి ఆరు నెలల పేమెంట్ల వివరాలు ప్రింటు తీసి జత చేశాను. అడ్వాన్సు రూ. 30,000 మీ దగ్గరే ఉంది.

అగ్రిమెంటే లేకపోయినా పద్ధతి నోటి మాట కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ బాడుగ ఇంటికి కూడా కనీసం పదిహేను రోజుల నోటీసు, అదీ రాతపూర్వకంగా సంతకం చేసి ఇవ్వాలి. మన మధ్య అంతకంటే పెద్ద గడువు రాసుకున్నాం కాబట్టి ఆ గడువే లెక్క.

మీ అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడని అమ్మగారు చెప్పారు. ఈ పోర్షన్‌కు పదమూడు వేలు ఇస్తామంటున్నారని మీరు అన్నారు. ఏది కారణమైనా అది మీ ఇష్టం, ఇల్లు మీది. నేను అడిగేది రాసుకున్న పద్ధతి మాత్రమే. ఈ రోజు నోటీసు ఇచ్చినా గడువు జనవరి 12కి పూర్తవుతుంది. మీరు ఇస్తే తీసుకుని సంతకం పెడతాను, ఆ తేదీకి తాళం చేతికిస్తాను. 11వ షరతు ప్రకారం అదే రోజు అడ్వాన్సు నాకు రావాలి.

ఇక ఇది హక్కుగా కాదు, మనవిగా అడుగుతున్నాను. మా పాప పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఏప్రిల్ 30 వరకు, అంటే అగ్రిమెంటు గడువు దాకా ఉండనిస్తే ఆ తర్వాత ఒక్క రోజు కూడా పొడిగించమని అడగను. కుదరదంటే చెప్పండి, సర్దుకుంటాం. ఈ వానల్లో ఇరవై రోజుల్లో ఇల్లు వెతుక్కుని సామాన్లు మోసుకోమంటే మాత్రం మా వల్ల కాదు.

ఇంకొక్క విషయం. సోమ, మంగళవారాలు మేడ మీది ట్యాంకుకు నీళ్లు ఎక్కలేదు. స్విచ్ మీ వరండాలో ఉంది కాబట్టి మాకు వేసుకునే వీల్లేదు. రెండు రోజులూ కింద కుళాయి నుంచి పద్దెనిమిదేసి బిందెలు మోశాం. మోటారు చెడిపోయిందేమో అనుకుంటున్నాను, అదే అయితే రిపేరులో సగం నేను పెట్టుకుంటాను. 5వ షరతులో ఉన్నట్టు ఉదయం, సాయంత్రం నీళ్లు వదలమని కోరుతున్నాను.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, ఒక కాపీ వాట్సాప్‌లో కూడా పెడతాను. కింద, పైన ఉండేవాళ్లం పోస్టులో ఉత్తరాలేంటి అని మీకు అనిపించవచ్చు. ఎవరు ఏం చెప్పారో రేపు గొడవ రాకూడదని ఇలా చేస్తున్నాను. డిసెంబర్ బాడుగ ఎప్పటిలాగే 5వ తేదీ లోపు వేస్తాను. మాట్లాడాలంటే ఆదివారం ఉదయం ఇంట్లోనే ఉంటాను, పిలవండి, కిందికి వస్తాను.

ఇట్లు
పెంచలయ్య
(సంతకం)

జత: అగ్రిమెంటు జెరాక్స్ కాపీ, ఆరు నెలల బాడుగ పేమెంట్ల వివరాలు