బయటికి వెళ్లే ముందు: మన ప్రచార రాతలకు చెక్‌లిస్టు

ఇది రాజమండ్రిలోని మన పచ్చళ్ల వంటశాల నుంచి బయటికి వెళ్లే ప్రతి ప్రచార రాతకూ వర్తిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్, ఎస్సెమ్మెస్, వెబ్‌సైట్ బ్యానర్, సీసా మీది స్టిక్కర్, పెళ్లి ఆర్డర్ల కరపత్రం, అన్నీ ఇందులోకే వస్తాయి. "ఒక్క లైనే కదా" అని దేన్నీ వదిలేయొద్దు. ధర, తేదీ, డెలివరీ ఉండేవి సాధారణంగా ఆ ఒక్క లైన్లోనే.

మనం నలుగురమే. రాసేవారు, డిజైన్ చేసేవారు, ఆర్డర్ల ఫోన్ తీసేవారు, వంటశాల చూసుకునే అక్క. ఎంత తొందరున్నా మారని నియమం ఒకటుంది. రాసినవారు తమ రాతను తామే పాస్ చేయకూడదు. రాసిన మనిషి కళ్లు కాగితం మీదున్నది కాకుండా మనసులో ఉన్నది చదువుతాయి. అందుకే చూసే పని ఆర్డర్ల ఫోన్ తీసేవారిది. కస్టమర్ ఏం అడుగుతారో, దేనికి కోప్పడతారో వారికే ముందు తెలుస్తుంది. వారు సెలవులో ఉంటే డిజైన్ చేసేవారు చూస్తారు. రుచి, దినుసులు, తయారీ గురించి ఏ మాట ఉన్నా అక్క చూడాల్సిందే.

ఆపే హక్కు నలుగురికీ ఉంది. అనుమానం వస్తే గ్రూపులో "ఆపండి" అని పెడితే చాలు, అప్పుడే కారణం చెప్పనక్కర్లేదు. పంపే హక్కు మాత్రం చూసినవారొక్కరిదే.

మొదటి చూపు: చెప్పినది నిజమేనా

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. అక్షరదోషం పడితే పరువు పోతుంది. అబద్ధం పడితే కస్టమర్ పోతారు, కేసు కూడా రావచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. చిన్న వ్యాపారమని చట్టం వేరేగా చూడదు.

☐ సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ మీది పదార్థాల జాబితాతో ప్రతి మాటనూ పోల్చారా? గుర్తున్నదాన్ని బట్టి టిక్ పెట్టొద్దు. బెల్లం ఆవకాయకు "షుగర్ లేదు" అని రాయకూడదు. "ప్రిజర్వేటివ్‌లు లేవు" అన్న మాట ఒక రకానికి నిజమైనంత మాత్రాన అన్ని రకాల ఫొటో కింద పెట్టకూడదు.

☐ జబ్బుల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే కొట్టేయండి, చర్చ వద్దు. "షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు", "బీపీ తగ్గిస్తుంది", "కీళ్ల నొప్పులకు మంచిది" లాంటివి కరివేపాకు పొడికీ వద్దు, మునగాకు పొడికీ వద్దు. జబ్బులు నయమవుతాయని చెప్పే ప్రకటనల మీద 1954 నుంచే ప్రత్యేక చట్టం ఉంది, ఆ జబ్బుల జాబితాలో మధుమేహం కూడా ఉంది. పైగా మన పచ్చళ్లలో ఉప్పు ఎంత పడుతుందో మనకు తెలుసు. ఆ మాట నమ్మి ఒక పెద్దాయన రోజూ తింటే ఆ భారం మనదే.

☐ "సహజమైన", "స్వచ్ఛమైన", "తాజా", "ఒరిజినల్", "సంప్రదాయ", "ప్రీమియం" లాంటి మాటలున్నాయా? ఆహార ప్రకటనలపై 2018లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు వీటికి షరతులు పెట్టాయి. "సంప్రదాయ" అనాలంటే ఆ పద్ధతి తరతరాలుగా ఉన్నదై ఉండాలి. ఆవకాయకు ఇబ్బంది లేదు. కానీ మనం పోయినేడు మొదలుపెట్టిన అవకాడో పచ్చడికి ఆ మాట నప్పదు. "ఇంట్లో చేసిన" అనే మాట మనం అసలు వాడం. మనది లైసెన్సున్న వంటశాల, ఇల్లు కాదు. అలా రాయడం తప్పుడు అభిప్రాయం కలిగించడమే. "రాజమండ్రిలో మా వంటశాలలో కలిపినది" అని రాస్తే నిజమూ అవుతుంది, వినడానికీ బాగుంటుంది.

☐ ఊరి పేరు వాడితే సరుకు అక్కడిదేనా? గుంటూరు సన్నం మిర్చికి, బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ సీజన్‌లో కొన్న బిల్లులో ఆ రకం ఉంటేనే ఆ పేరు రాయండి. బిల్లు చూపించేది అక్క.

☐ "నంబర్ వన్", "అందరికన్నా", "ఎక్కడా దొరకని" అన్న మాటలకు ఆధారం ఉందా? మన దగ్గర లేదు కాబట్టి ఈ మాటలు మనకు వద్దు.

రెండో చూపు: డబ్బు, తేదీ, డెలివరీ

☐ ధర వెబ్‌సైట్లో, వాట్సాప్ కేటలాగ్‌లో, లేబుల్ మీద ఒకటేనా? మూడూ తెరిచి పక్కపక్కన చూడండి.

☐ ధర పక్కన బరువు ఉందా? ప్యాక్ చేసిన సరుకు ధర ప్రకటనలో చెబితే నికర పరిమాణం కూడా చెప్పాలన్నది తూనికలు కొలతల చట్టం నియమం. "అరకిలో సీసా" అని మాటల్లో ఉన్నా "500 గ్రాములు" అని అంకెల్లో ఉండాలి.

☐ "ఉచిత డెలివరీ" ఎక్కడికి, ఎంత ఆర్డరు మీద? హైదరాబాద్‌లో ఉన్నవారూ, బెంగళూరులో ఉన్నవారూ, డల్లాస్‌లో కూతురికి పంపాలనుకునే అమ్మా అదే పోస్టు చదువుతారు. షరతు ఉంటే అదే వాక్యంలో, అదే భాషలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. తెలుగులో ఆఫర్ పెట్టి అడుగున ఇంగ్లిష్‌లో సన్న అక్షరాలతో షరతులు పెట్టడం 2022 కేంద్ర మార్గదర్శకాలకు విరుద్ధం.

☐ "ఈరోజు", "రేపు", "ఈ ఆదివారం" అన్న మాటలు తీసేసి తేదీ, వారం, గంట రాశారా? వాట్సాప్ మెసేజ్ మూడు రోజుల తర్వాత కూడా ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. తేదీకి వారం సరిపోయిందో లేదో క్యాలెండర్ తీసి చూడండి.

☐ సరుకు ఉందా? ఎన్ని సీసాలున్నాయో అక్కని అడిగాకే ఆఫర్ వెళ్లాలి.

మూడో చూపు: తెలుగు

పైకి చదవండి. మనసులో కాదు, గొంతు విప్పి. ఫోన్లో మన కస్టమరుతో ఆ మాట అనగలమా అన్నదే కొలత. "మా పచ్చళ్లు ప్రేమతో తయారు చేయబడతాయి" అని ఎవరూ మాట్లాడరు. అక్కడ ప్రేమ అన్న మాట తీసేసి ఏం చేస్తామో చెప్పండి: "ముక్కలు ఉదయం కొట్టి, తుడిచి, ఆరాకే కలుపుతాం." ఇది చదివితే చేసిన పని కళ్లకు కడుతుంది.

☐ మొదట "మీరు" అని, చివర "రా, తిను" అని ఉందా? మనది మీరు.

☐ "పచ్చళ్లు" ఒకచోట, "పచ్చళ్ళు" ఇంకోచోట ఉన్నాయా? మనం "ళ్లు" రాస్తాం. అంకెలు 1, 2, 3లోనే.

☐ మొదటి రెండు లైన్లలో విషయం ఉందా? మిగతాది "మరిన్ని" కింద దాక్కుంటుంది. శుభాకాంక్షలతో మొదలుపెడితే ధర కనిపించదు.

☐ సందర్భం చూశారా? కార్తీక సోమవారం నాడు అందరి లిస్టుకీ రొయ్యల పచ్చడి పంపొద్దు. ఉల్లి, వెల్లుల్లి వేయని రకాల లిస్టు మనకు వేరుగా ఉంది, ఆ రోజుల్లో దాన్ని వాడండి. శాకాహార పచ్చళ్ల ఫొటోలో మాంసం సీసా మూల కూడా పడకూడదు.

నాలుగో చూపు: ఫోన్లో, చివరి రూపంలో

డాక్యుమెంట్లో చూసి పాస్ చేయొద్దు. డిజైన్ అయ్యాక వచ్చిన బొమ్మనే, కంప్యూటర్ మీద కాక ఫోన్లో చూడాలి. తెలుగు అక్షరాలు ఎక్కువగా విరిగేది డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి పేస్ట్ చేసినప్పుడే. "స్వచ్ఛమైన"లో వత్తు కిందికి దిగకుండా పక్కకు వచ్చేస్తుంది, "ప్రత్యేక" కాస్తా "ప్ రత్ యేక" అవుతుంది. అలా కనిపిస్తే, ఫోటోషాప్ పాత వెర్షన్ అయితే, టెక్స్ట్ ఇంజిన్ `World-Ready Layout`లో ఉందో లేదో చూడండి. ప్రింటర్ "అను" ఫాంట్లలోకి మార్చి పంపిన కరపత్రాన్ని మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవాల్సిందే, మనం ఒకసారి సరిచూశాం కదా అనుకోవద్దు.

☐ ఫోన్ నంబర్‌కి నిజంగా డయల్ చేశారా? చూసి టిక్ పెట్టడం లెక్కలోకి రాదు.

☐ లింకును మన ఆఫీసు వైఫై మీద కాకుండా మొబైల్ డేటాతో తెరిచారా? కూపన్ వేసి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లారా? కూపన్ కోడ్‌లో `O`, `0` రెండూ కలిసి ఉండకూడదు.

☐ ఎస్సెమ్మెస్ అయితే, మెసేజ్‌లను ముందే నమోదు చేయాల్సిన డీఎల్‌టీలో ఆమోదం పొందిన టెంప్లేట్‌కి అక్షరం కూడా తేడా లేకుండా ఉందా? తెలుగు మెసేజ్ ఒకదానిలో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లిష్‌లోలా 160 కాదు. గుణింతాలు, వత్తులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

☐ కస్టమర్ మెచ్చుకున్న స్క్రీన్‌షాట్ పెడితే వారిని అడిగారా, నంబర్, ఫొటో కప్పేశారా? సినిమా పాట, హీరో బొమ్మ వద్దు. ఎవరికైనా ఉచితంగా సీసాలు పంపి వీడియో చేయిస్తే అది ప్రకటన అని ఆ వీడియోలో స్పష్టంగా ఉండాలి.

ఒకటి చేసి చూద్దాం

వచ్చిన రాత: "అమ్మమ్మ ఇంట్లో చేసిన స్వచ్ఛమైన ఆవకాయ! షుగర్ ఉన్నవాళ్లూ హాయిగా తినొచ్చు. అరకిలో 275 మాత్రమే. ఫ్రీ డెలివరీ. రేపే ఆఖరు!"

చూశాక: "ఈ ఏడాది కొత్తావకాయ సిద్ధం. గానుగ నువ్వుల నూనె, ఈ సీజన్ మిర్చి. వెల్లుల్లి వేసినదీ, వేయనిదీ ఉన్నాయి. 500 గ్రాములు 275 రూపాయలు, పన్నులన్నీ కలిపి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 999 రూపాయలు, ఆపైన ఆర్డర్లకు డెలివరీ ఉచితం. ఈ ధర 2026 జూన్ 14, ఆదివారం రాత్రి 9 గంటల వరకు."

అమ్మమ్మ పోయింది కానీ వెల్లుల్లి సంగతి వచ్చింది. ఆర్డర్ల ఫోన్‌కి రోజూ వచ్చే ప్రశ్న అదే.

ఎంత సమయం

క్యాప్షన్‌కి, బ్రాడ్‌కాస్ట్‌కి పావుగంట. బ్యానర్‌కి అరగంట. అచ్చుకు వెళ్లేది ఏదైనా ఒక రాత్రి ఆగి, పొద్దున మళ్లీ చదివాకే వెళ్లాలి. పండగ ముందు రోజు టెన్షన్‌లో ఉన్నప్పుడు మొత్తం చూడలేకపోతే ధర, తేదీ, డెలివరీ, ఫోన్ నంబర్, జబ్బుల మాట, ఈ ఐదూ తప్పనిసరి. అవీ కుదరకపోతే పోస్టు మర్నాడు వెళ్తుంది.

తప్పు దాటిపోతే

వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల్లోపు మెసేజ్‌ను సరిదిద్దవచ్చు. ఆ సమయం దాటితే "సవరణ" అన్న మాటతో మొదలుపెట్టి కొత్త మెసేజ్ పంపండి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మార్చి, మార్చామని కామెంట్లో చెప్పండి, చడీచప్పుడు లేకుండా పోస్టు తీసేయొద్దు. ధర తక్కువగా పడితే సవరణ వెళ్లేలోపు వచ్చిన ఆర్డర్లన్నీ ఆ ధరకే ఇస్తాం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆర్డర్ల ఫోన్ తీసేవారు అక్కడికక్కడే ఒప్పుకోవచ్చు. తర్వాత షీట్‌లో ఒక వరుస రాయండి: తేదీ, తప్పు, ఏ చూపులో దొరకాల్సింది. ఎవరు చేశారన్న గడి ఆ షీట్‌లో లేదు, పెట్టం కూడా. ఒకే రకం తప్పు రెండోసారి కనిపిస్తే ఈ జాబితాలో ఒక టిక్ చేర్చి, పనికిరానిది ఒకటి తీసేస్తాం. ఆ పని మామిడికాయ సీజన్‌కి ముందు మార్చిలో ఒకసారి, దసరాకి ముందు ఒకసారి, నలుగురం కూర్చుని.