నేర ప్రక్రియ: దర్యాప్తు దశలో నిందితుని హక్కులపై సమస్యాత్మక ప్రశ్న, మూల్యాంకన సూచిక

ప్రశ్న (20 మార్కులు)

తాడేపల్లిగూడెం సమీపంలోని ఒక రైస్ మిల్లులో నెల జీతానికి గుమాస్తాగా పనిచేస్తున్న సుధాకర్, క్యాషియర్ లలిత కలిసి మిల్లు సొమ్ము 38 లక్షల రూపాయలు స్వాహా చేశారని యజమాని ఫిర్యాదు చేయగా, పోలీసులు 2025 మార్చి 3న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316(4) కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేశారు. మార్చి 5 ఉదయం 10 గంటలకు "విచారణకు రావాలి" అని సబ్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేయడంతో సుధాకర్ స్టేషన్‌కు వెళ్లాడు. అప్పటి నుంచి అతన్ని బయటకు వెళ్లనివ్వలేదు, సెల్‌ఫోన్ తీసుకున్నారు, రాత్రి కూడా అక్కడే ఉంచారు. అరెస్టు మెమోలో మాత్రం అరెస్టు సమయం మార్చి 6 సాయంత్రం 6 గంటలుగా చూపారు. అరెస్టుకు ఆధారాల గడిలో "నమ్మకద్రోహం కేసు" అన్న రెండు ముక్కలే రాశారు. అరెస్టు సంగతి అతని భార్యకు మరునాడు కోర్టు ఆవరణలోనే తెలిసింది. లలితను మార్చి 6 రాత్రి 9 గంటలకు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పురుష అధికారులే ఆమె ఇంట్లో అరెస్టు చేశారు.

ఇద్దరినీ మార్చి 7 ఉదయం 11 గంటలకు జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఎదుట హాజరుపరచగా, "పోలీసుల అభ్యర్థన చూశాను, రిమాండ్ విధించడమైనది" అన్న ఒక్క వాక్యంతో 14 రోజుల జ్యుడీషియల్ కస్టడీకి పంపారు. ఆ కస్టడీని తరువాత ఎప్పటికప్పుడు పొడిగించారు. మార్చి 24న పోలీసులు సుధాకర్‌ను అయిదు రోజుల పోలీసు కస్టడీకి కోరగా, మొదటి 15 రోజులు గడిచిపోయాయి కాబట్టి ఇవ్వడానికి వీల్లేదని డిఫెన్స్ న్యాయవాది వాదించారు. మే 6 ఉదయం 10.40కి సుధాకర్ తరఫున డిఫాల్ట్ బెయిల్ దరఖాస్తు దాఖలైంది. అదే రోజు సాయంత్రం 4 గంటలకు పోలీసులు సెక్షన్ 316(5)ను కూడా చేర్చి చార్జిషీటు వేశారు. చార్జిషీటు వచ్చేసిందని, పైగా గడువు 90 రోజులని మే 7న దరఖాస్తును కొట్టివేశారు.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023లోని నిబంధనలను, సుప్రీంకోర్టు తీర్పులను ఆధారం చేసుకుని చర్చించండి:
(అ) సుధాకర్ అరెస్టు చట్టబద్ధత. (6)
(ఆ) మార్చి 7 నాటి రిమాండ్ ఉత్తర్వు, మార్చి 24 నాటి కస్టడీ అభ్యర్థన. (4)
(ఇ) డిఫాల్ట్ బెయిల్ దరఖాస్తు తిరస్కరణ. (8)
(ఈ) లలిత అరెస్టు. (2)

మూల్యాంకన సూచిక

(అ) సెక్షన్ 316(4) కింద గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. అందువల్ల వారంట్ లేకుండా అరెస్టు చేసే అధికారం ఉందన్నంత మాత్రాన అరెస్టు సమర్థనీయం కాదు. అరెస్టు ఎందుకు అవసరమైందో సెక్షన్ 35(1)(బి) ప్రకారం కారణాలు రాయాలి, అవసరం లేని పక్షంలో సెక్షన్ 35(3) కింద హాజరు నోటీసు ఇవ్వాలి. అర్నేష్ కుమార్ (2014), సతేందర్ కుమార్ అంటిల్ (2022) తీర్పులు పాత 41, 41-ఏ సెక్షన్ల మీద వచ్చినవైనా అదే సూత్రం ఇక్కడా వర్తిస్తుందని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. ఫోన్ పిలుపు నోటీసు కాదు.

మెమోలోని సమయానికీ వాస్తవ నిర్బంధానికీ ఉన్న తేడాను పట్టుకోవడం ఈ భాగంలో అసలు పరీక్ష. స్వేచ్ఛగా కదలనివ్వని క్షణం నుంచే కస్టడీ మొదలవుతుంది కాబట్టి మార్చి 5 ఉదయం నుంచి మేజిస్ట్రేట్ ముందుకు తెచ్చేసరికి 49 గంటలు గడిచాయి. ప్రయాణ సమయాన్ని మినహాయించినా రాజ్యాంగం అధికరణ 22(2), సెక్షన్ 58 విధించిన 24 గంటల పరిమితి దాటిపోయింది. కాగితం మీది 17 గంటలనే లెక్కించి సరిపెట్టుకున్న సమాధానానికి సగానికి మించి ఇవ్వకూడదు.

అరెస్టు ఆధారాలను తెలపడం అధికరణ 22(1), సెక్షన్ 47 ప్రకారం తప్పనిసరి. "నమ్మకద్రోహం కేసు" అనేది నేరం పేరే తప్ప, ఈ వ్యక్తి ఏం చేశాడని అరెస్టు చేస్తున్నారో చెప్పే ఆధారం కాదు. ఆధారాలు తెలపకపోతే అరెస్టూ, దాని వెంట వచ్చిన రిమాండూ చెల్లవని, తరువాత చార్జిషీటు వేసినంత మాత్రాన ఆ లోపం పూడదని విహాన్ కుమార్ (2025 ఫిబ్రవరి) తీర్పు స్పష్టం చేసింది. అన్ని నేరాల్లోనూ నిందితునికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఆధారాలు ఇవ్వాలన్న మిహిర్ రాజేశ్ షా తీర్పు 2025 నవంబరులో వచ్చింది గనుక మార్చి నాటి ఈ అరెస్టును దానితో కొలవడం సరికాదు. ఈ తేడా గమనించినవారు నిజంగా తీర్పులు చదివినవారు. బంధువుకు వెంటనే తెలపకపోవడం సెక్షన్ 48కి, డి.కె. బసు (1997) మార్గదర్శకాలకు విరుద్ధం.

(ఆ) రిమాండ్ యాంత్రిక చర్య కాదు. అరెస్టు సక్రమమేనా, కస్టడీ అవసరమా అన్నది మేజిస్ట్రేట్ తన బుద్ధితో పరిశీలించి రాయాలి. ఒక్క వాక్యపు ఉత్తర్వు ఆ పరీక్షకు నిలవదు.

కస్టడీ అభ్యర్థనపై మాత్రం డిఫెన్స్ వాదన నిలవదు. పోలీసు కస్టడీ మొదటి 15 రోజుల్లోనే ఇవ్వాలన్న అనుపమ్ కులకర్ణి (1992) సూత్రం పాత సెక్షన్ 167 మీద చెప్పింది. 60 రోజుల కేసులో తొలి 40 రోజుల్లో ఎప్పుడైనా, ఒకేసారిగా గాని విడతలుగా గాని, మొత్తం 15 రోజుల వరకు కస్టడీ ఇవ్వడానికి సెక్షన్ 187(2) వీలు కల్పిస్తోంది. మార్చి 24 పద్దెనిమిదో రోజే. అయితే గడువు ఉన్నంత మాత్రాన కస్టడీ ఇచ్చి తీరాలని లేదు. దర్యాప్తుకు అది ఎందుకు కావాలో పోలీసులు చూపాలి, నిందితుని స్వయంగా హాజరుపరచాలి.

(ఇ) ముందుగా గడువు తేల్చాలి. సెక్షన్ 316(5) ప్రభుత్వోద్యోగి, బ్యాంకర్, వర్తకుడు, బ్రోకర్, అటార్నీ, ఏజెంటు హోదాలో చేసే నమ్మకద్రోహానికి వర్తిస్తుంది, శిక్ష యావజ్జీవం దాకా ఉంటుంది. అది నిజంగా వర్తిస్తే గడువు 90 రోజులే. కాని జీతానికి పనిచేసే గుమాస్తాకు ప్రత్యేకంగా 316(4) ఉంది. ఫిర్యాదులోని వాస్తవాలు మారకుండా, గడువు దాటిన రోజున సెక్షన్ చేర్చడాన్ని నిర్ణాయకంగా తీసుకుంటే సెక్షన్ 187(3)కి అర్థమే ఉండదు.

ఇక లెక్క. రిమాండ్ విధించిన రోజును కలుపుకోవాలని కపిల్ వాధవన్ (2023) కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మార్చిలో 25 రోజులు, ఏప్రిల్‌లో 30, మేలో 5 కలిపి మే 5తో 60 రోజులు నిండాయి. మే 6న హక్కు ఏర్పడింది. ఆ ఉదయమే దరఖాస్తు పడింది కాబట్టి సాయంత్రం వచ్చిన చార్జిషీటు దాన్ని ఓడించలేదు. ఉదయ్ మోహన్‌లాల్ ఆచార్య (2001), ఎం. రవీంద్రన్ (2020) తీర్పుల సారం ఇదే. విచారణ మరునాటికి జరగడం నిందితుని తప్పు కాదు. ఈ హక్కు అధికరణ 21లో భాగమని బిక్రమ్‌జీత్ సింగ్ (2020) చెప్పినందున తిరస్కరణ చెల్లదు. అయితే జామీను సమర్పించాలి. సమర్పించేదాకా కస్టడీ కొనసాగుతుంది.

దరఖాస్తు చార్జిషీటు తరువాత పడి ఉంటే ఫలితం తారుమారయ్యేదని, డిఫాల్ట్ బెయిల్ వచ్చాక కూడా చార్జిషీటులో బలమైన కేసు తేలితే, ప్రత్యేక కారణాలపై రద్దు కోరవచ్చని, అది టి. గంగిరెడ్డి (2023) తీర్పు నుంచి వచ్చిందని రాసినవారికి ఒక మార్కు అదనంగా పరిగణించవచ్చు. మొత్తం ఎనిమిదికి మించరాదు.

(ఈ) సూర్యాస్తమయం తరువాత స్త్రీని అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా అధికారి లిఖితపూర్వక నివేదికతో మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి పొందాలి అని సెక్షన్ 43(5) చెబుతోంది. ఇక్కడ రెండూ లేవు. ఈ నిబంధన ఆదేశాత్మకమా, మార్గదర్శకమా అన్న చర్చ హైకోర్టుల్లో ఉన్నందున అరెస్టు దానంతట అదే రద్దవుతుందని గాని కాదని గాని కారణంతో రాసిన రెండు సమాధానాలనూ అంగీకరించాలి. ఉల్లంఘన జరిగిందని గుర్తించకపోతే మాత్రం మార్కు ఇవ్వకూడదు.