నా గురించి, నా పని గురించి

నమస్కారం. నేను గ్రాఫిక్ డిజైనర్‌ని. లోగోలు, బోర్డులు, లేబుళ్లు, ప్యాకింగ్ కవర్లు, విజిటింగ్ కార్డులు, బిల్ బుక్కులు, ఇలా చిన్న వ్యాపారానికి రోజూ అవసరమయ్యేవి చేస్తాను. ఒక్కదాన్నే పని చేస్తాను. మీ ఫోన్ ఎత్తేది నేనే, గీసేది నేనే, ప్రింటుకు పంపే ముందు చివరిసారి చూసేదీ నేనే.

సొంతంగా మొదలుపెట్టక ముందు ఆరేళ్లు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేశాను. అక్కడ ఒక సంగతి మళ్లీ మళ్లీ చూశాను. ఎవరో కొత్త బోర్డు చేయించుకుందామని వస్తారు. "లోగో ఉందా అండీ?" అని అడిగితే ఫోన్ తీసి, వాట్సాప్‌లో ఎప్పుడో వచ్చిన ఫొటో వెతికి చూపిస్తారు. అరచేతిలో అది బాగానే ఉంటుంది. పది అడుగుల ఫ్లెక్స్ మీదికి సాగదీస్తే మాత్రం అంచులన్నీ మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అసలు ఫైల్ ఏదంటే, చేసినాయన దగ్గరే ఉండిపోయింది, ఆయనేమో ఫోన్ ఎత్తడం లేదు. అప్పుడు నేను కూర్చుని ఆ ఫొటో చూస్తూ మొత్తం మళ్లీ గీసేదాన్ని. డబ్బు పెట్టి చేయించుకున్న లోగోకి వాళ్లు రెండోసారి డబ్బు కట్టేవాళ్లు. నాకు అది చాలా బాధగా ఉండేది.

అందుకే నా దగ్గర చేయించుకున్నది ఏదైనా పూర్తిగా మీదే. చివరి పేమెంట్ అయిన రోజే ఫైళ్లన్నీ మీ చేతికిస్తాను. ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ ఫైల్, ప్రింటుకు పీడీఎఫ్, ఫోన్‌లో వాడుకోవడానికి వెనక రంగు లేని పీఎన్‌జీ, ఒక్క నలుపులో ఉండే రూపం, ముదురు రంగు మీద వేసుకోవడానికి తెల్ల రూపం అన్నీ అందులో ఉంటాయి. వాడిన ఫాంట్ల పేర్లు, రంగుల నంబర్లు ఒక పేజీలో రాసి పెడతాను. కొనాల్సిన ఫాంట్ ఉంటే దాని లైసెన్సు మీ పేరునే తీసుకుంటాం. డిజైన్ మీద హక్కులు మీవేనని కాగితం మీద రాసిస్తాను. రేపు మీరు ఇంకో డిజైనర్ దగ్గరికి వెళ్లాలనుకున్నా నన్ను అడగాల్సిన పని ఉండకూడదు.

మొదటిసారి మాట్లాడినప్పుడు మీకు ఇష్టమైన రంగేంటని అడగను. మీ దగ్గరికి వచ్చినవాళ్లు నోరు తెరవగానే ఏం అడుగుతారు, మీ పేరు వాళ్లు ఎక్కడ చూస్తారు, ఎంత దూరం నుంచి చూస్తారు, ఈ మూడూ అడుగుతాను. రోడ్డు మీద బండిలో పోతూ చదవాల్సిన బోర్డు వేరు, చేతిలో పట్టుకుని చదివే లేబుల్ వేరు. నా పనిలో సగం నిర్ణయాలు ఈ జవాబుల్లోంచే వస్తాయి.

ఒకావిడ ఇంట్లోనే సబ్బులు తయారుచేసి అమ్ముతారు. లేబుల్ కావాలని వచ్చారు. పాత లేబుల్ చూస్తే పూల బొమ్మ పెద్దగా ఉంది, సబ్బులో ఏమేం కలిపారో మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కానీ ఆవిడ సబ్బు కొనేవాళ్లు ముందు వెనక్కి తిప్పి అదే చదువుతారట. నేను ఆ వివరాలను ముందు వైపుకే తెచ్చాను, పువ్వును ఒక మూలకి చిన్నగా జరిపాను. ఆ తర్వాత రెండు రకాల కాగితాల మీద నమూనాలు తీయించి, వాటిని సబ్బులకు అంటించి, మా బాత్‌రూమ్‌లో వారం పాటు పెట్టుకున్నాను. మామూలు కాగితం మూడో రోజుకే అంచుల్లో లేచిపోయి, సిరా చెదిరింది. ప్లాస్టిక్ పొర ఉన్నది వారమంతా నిలబడింది. కంప్యూటర్‌లో చూసుకుంటే ఆ రెండింటికీ తేడా ఏమీ లేదు. ఆవిడ రెండోదే వేయించుకున్నారు.

లోగో చేస్తే దానికి రబ్బరు స్టాంపు పరీక్ష పెడతాను. ఒకే రంగులో, బొటనవేలి గోరంత సైజులో కూడా పోల్చుకునేలా ఉంటేనే మీకు చూపిస్తాను. మెరుపులు, నీడలు, పది రంగులు ఉన్న లోగో స్క్రీన్ మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ అదే లోగో స్టాంపు మీదికి, బిల్లు మీదికి, ఫోన్‌లో గుండ్రటి ప్రొఫైల్ బొమ్మలోకి కూడా రావాలి కదా. రంగుల విషయంలోనూ అంతే. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ సిరాతో వేస్తుంది. ఫోన్‌లో మెరిసిపోయే ఆకుపచ్చ రంగు నాలుగు రంగుల ప్రింటులో ఎప్పుడూ కొంచెం డల్‌గానే వస్తుంది. అది ముందే చెప్తాను, వీలైతే ముందుగా ఒక నమూనా ప్రింటు తీయించి మీ చేతిలో పెడతాను. అంచు దాకా రంగు ఉన్న కార్డులకు చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదులుతాను. కటింగ్‌లో బ్లేడు వెంట్రుకవాసి జరిగినా పక్కన తెల్ల గీత రాకుండా ఉండడానికి అది.

తెలుగు అక్షరాల మీద నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. మన అక్షరానికి గుడి పైన, వత్తు కింద. ఇంగ్లిష్‌కి పెట్టినంత ఎడమే వరుసల మధ్య పెడితే పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడికి తగులుతుంది. "రాష్ట్రం" లాంటి మాటకి కింద ఇంకా చోటు కావాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో సెట్టింగ్ సరిగ్గా లేకపోతే వత్తులు విడిపోయి అక్షరం పక్కన పొల్లుతో నిలబడతాయి. తెలుగు చదవడం రాని వాళ్లు అది అలాగే ప్రింటుకు పంపేస్తారు. మీ పేరు మీ బోర్డు మీద తప్పుగా ఉండకూడదు. అందుకే ప్రతి మాటా గట్టిగా చదివి చూస్తాను, తర్వాత మీతోనూ చదివించి సంతకం తీసుకుంటాను.

ఇక పని నడిచే తీరు. లోగోకి సుమారు మూడు వారాలు పడుతుంది. పది నమూనాలు కుమ్మరించను, బాగా ఆలోచించిన రెండు చూపిస్తాను, ఎందుకు అలా చేశానో చెప్తాను. వాటిలో ఒకటి ఎంచుకున్నాక రెండు విడతలు మార్పులు చేస్తాను. అంతకు మించితే అదనపు ఖర్చు ఎంతో ముందే చెప్తాను. సగం డబ్బు మొదట్లో, సగం చివర్లో. నచ్చలేదని చెప్పడానికి మొహమాటపడకండి. ఎక్కడ నచ్చలేదో చెప్తే నాకు దారి దొరుకుతుంది.

చేయని పనులు కూడా చెప్పాలి. వెబ్‌సైట్ కోడ్ రాయను. సోషల్ మీడియాకి రోజూ పోస్టులు చేసే పని తీసుకోను, అది నేను బాగా చేయలేను. ఇంకొకరి లోగో చూపించి అచ్చు ఇలాగే కావాలంటే ఒప్పుకోను, దానివల్ల రేపు చిక్కుల్లో పడేది మీరే. పాత లోగో బాగానే ఉంటే కొత్తది వద్దని చెప్తాను. చాలాసార్లు అక్షరాలు సరిచేసి, ఫైళ్లు శుభ్రంగా తయారుచేస్తే సరిపోతుంది, ఆ ఖర్చు కూడా తక్కువ.

నాకు రాసేటప్పుడు పెద్ద వివరణ ఏమీ అక్కర్లేదు. మీరు ఏం అమ్ముతారో రెండు మాటలు, పని ఎప్పటికి కావాలో, ఎంత ఖర్చు పెట్టగలరో చెప్పండి. ఇప్పుడున్న బోర్డో కార్డో ఉంటే, ఎలా ఉన్నా సరే, ఒక ఫొటో తీసి పంపండి. రెండు పని దినాల్లో నేనే ఫోన్ చేస్తాను.