రిజిస్టరులో రాసిన తేదీ

కావలిలో మా ఎదురింటి పెంచలయ్య మాస్టారు ముప్పై ఆరేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి 2008లో రిటైరయ్యారు. సంఖ్యాశాస్త్రం పట్టుకున్నది మాత్రం డెబ్బై దాటాక, భార్య పోయిన ఏడాది. ఎవరింట్లోనో అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికితే తెచ్చుకుని, నిద్ర పట్టని రాత్రుల్లో చదివారు. తర్వాత పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిల్‌తో లెక్కలు మొదలయ్యాయి.

పుట్టిన తేదీలోని అంకెలన్నీ ఒక్క అంకె మిగిలేదాకా కూడాలి. 1 సూర్యుడు, 2 చంద్రుడు, 4 రాహువు, 8 శని. "తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషమే ఇది. గుణకారం సరిచూసుకోవడానికి పిల్లలకు నేర్పిందే" అని ఆయనే నాకు చెప్పారు. అయినా నమ్మకంగానే చూసేవారు. డబ్బు ముట్టేవారు కాదు. బండి నంబరు మంచిదా అని ఒకరు, కొట్టు బోర్డు మీద ఇంగ్లీషు పేరులో ఇంకో అక్షరం కలపాలా అని ఒకరు వచ్చేవారు. ఎనిమిది వచ్చిన ఆడపిల్లకు మాత్రం ఏనాడూ భయం చెప్పలేదు. శని కూలి ఆలస్యంగా ఇస్తాడేగాని ఎగ్గొట్టడని చెప్పి పంపేవారు. ఆ ఒక్క మాటకే ఆయనంటే నాకు గౌరవం.

మొన్న మాఘమాసంలో తుమ్మలపెంట వైపు నుంచి మస్తానయ్య అనే ఆయన వచ్చాడు. వరసగా రెండు పంటలు రొయ్యలు చచ్చిపోయాయి. మళ్లీ గుంట కౌలుకు తీసుకోవచ్చో లేదో చూడమని ఆధార్ కార్డు ముందు పెట్టాడు. 1-6-1969. మాస్టారు అంకెలు వేసి కూడారు. ముప్పై రెండు, అంటే అయిదు. బుధుడు. చెప్పబోయి ఆగారు.

"ఏ బడిలో చదివావు?"

"మీ దగ్గరే అయ్యవారూ. రెండో తరగతి దాకా. తర్వాత వలకు పోయాను."

మాస్టారు పెన్సిల్ కింద పెట్టేశారు. చాలాసేపు మాట్లాడలేదు. నేను మంచినీళ్లు అందించాను, తాగలేదు.

1974 జూన్‌లో ఆ ఊరి పిల్లలను బడిలో చేర్చుకున్నది ఆయనే. అప్పట్లో పుట్టిన తేదీ కాగితం ఎవరి దగ్గర ఉంది? కుడిచేయి నెత్తి మీదుగా తిప్పి ఎడమచెవి అందుకోమనేవారు. చెవి అందితే అయిదేళ్లు నిండినట్టే. ఆ రోజు పదకొండు మందికి చెవులు అందాయి. పదకొండు మందికీ రిజిస్టరులో ఒకే తేదీ పడింది.

"ఈ తేదీ నీది కాదు నాయనా. నేను రాసింది" అన్నారు మాస్టారు.

మస్తానయ్య కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే నేను ఎప్పుడు పుట్టాను అయ్యవారూ?"

తల్లి బతికే ఉంది. ఫోను చేసి స్పీకరు పెట్టాడు. ముసలామె గొంతు గట్టిగానే ఉంది. ముందు ఏడాది బిడ్డ కోసం నెల్లూరు చెరువులో రొట్టె పట్టుకుందట. మరుసటి రొట్టెల పండుగకు నిండు నెలలతో వెళ్లి, మొక్కు తీర్చుకుని రొట్టె ఇచ్చి వచ్చిందట. వచ్చిన వారం లోపే, శుక్రవారం తెల్లవారుజామున కాన్పు.

"బడిలో వేసిన రోజే ఇదంతా అయ్యవారికి చెప్పాను. ఆయన రాసుకోలేదు" అంది.

మాస్టారు తల వంచుకుని విన్నారు. "నిజమే తల్లీ, చెప్పావు" అన్నారు ఫోను వైపు వంగి.

అటక మీది పంచాంగాల కట్ట నా చేత దింపించారు. పురుగులు తిన్న కాగితాలను ఒక్కొక్కటే విడదీస్తుంటే ఆయన వేళ్లు వణికాయి. రొట్టెల పండుగ జరిగేది మొహర్రానికే. ఆ ఏడు మొహర్రం మార్చి నెలాఖరులో పడింది. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం ఏప్రిల్ 4. పంచాంగం మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోకుండా, జనవరి ఒకటి నుంచి రోజులు లెక్కించి ఏడుతో భాగించి మళ్లీ సరిచూసుకున్నారు.

ఇప్పుడు కూడితే ముప్పై మూడు, అంటే ఆరు. శుక్రుడు. ఆ మాట మాస్టారు పైకి అనలేదు, మస్తానయ్యా అడగలేదు. గుంట సంగతి ఇద్దరూ మరిచిపోయారు. క్యాలెండర్ కాగితం చింపి, పలక మీద రాసినంత పెద్ద అక్షరాలతో "1969 ఏప్రిల్ 4, శుక్రవారం, తెల్లవారుజామున" అని రాసిచ్చారు. మస్తానయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆధార్ కార్డుతో పాటు జేబులో పెట్టుకున్నాడు.

వెళ్లబోతుంటే మాస్టారు ఆపి, మిగతా పది మంది పేర్లు ఒక్కొక్కటే చెప్పి అడిగారు. తల్లులు ఉన్నవాళ్లు ముగ్గురే మిగిలారు.

మరునాడు మొదటి బస్సుకు పంచాంగాల కట్ట సంచిలో వేసుకుని తుమ్మలపెంటకు బయలుదేరారు.