పద్మా, ఈసారికి రాలేనే

ఫిబ్రవరి 20, హైదరాబాద్

పద్మా,

ముందే చెప్పేస్తున్నా. మార్చి 5 గృహప్రవేశానికి నేను రాలేను. "చూస్తాలే, కుదిరితే వస్తా" అని నీకు ఆశ పెట్టి చివరి రోజున ఫోన్ చెయ్యడం నాకు ఇష్టం లేదు. నాకోసం అట్టిపెట్టిన పైగది ఇంకెవరికైనా ఇచ్చెయ్. పీటల దగ్గర నాకు అప్పజెప్పిన పనులన్నీ ఇవాళే వేరే వాళ్ళకి పంచెయ్. ఇంకా రెండు వారాలు ఉంది కాబట్టి నీకు తడుముకోవాల్సిన పని ఉండదు.

మా అత్తయ్యకి ఎడమకంటి శుక్లం ఆపరేషన్ 4వ తేదీ బుధవారం. మర్నాడు పొద్దున్నే కట్టు విప్పి చూస్తారు. అంటే మీ ఇంట్లో పాలు పొంగే రోజున నేను ఆస్పత్రి వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చుని ఉంటా. దీపావళి నుంచీ ఆవిడ షుగర్ దిగక తేదీ ఇవ్వలేదు. ఇప్పుడు దిగింది, ఇచ్చారు. కాదంటే మళ్ళీ తేదీ ఎప్పుడో, అప్పటికి షుగర్ ఎంత ఉంటుందో. మా ఆయన ఆఫీసు పని మీద భువనేశ్వర్‌లో ఉన్నారు, 15 దాకా రారు. మొదటి వారం రోజుకి ఆరుసార్లు ఒక చుక్కల మందు, నాలుగుసార్లు ఇంకొకటి వెయ్యాలట. రెంటికీ మధ్య అయిదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆవిడ తనంతట తను వేసుకుంటే చుక్క బుగ్గమీదే పడుతుంది. ఇంకొకళ్ళకి అప్పజెప్పే పని కాదు.

"అత్తయ్యగార్నీ తీసుకొచ్చెయ్యవే" అంటావని తెలుసు. అనకు. రాత్రంతా ప్రయాణం, ఆపైన హోమం పొగ, ఇంటినిండా జనం. వంగకూడదు, తలకి నీళ్ళు పోసుకోకూడదు. అక్కడికొచ్చి ఓ మూల గదిలో కళ్ళజోడు పెట్టుకుని కూర్చోబెడితే ఆవిడకీ బాగుండదు, చుట్టూ తిరగాల్సిన నీకూ బాగుండదు. ముహూర్తం మార్చడం అన్న మాట కూడా ఎత్తకు. ఇంటికి కుదిరిన ముహూర్తం నాకోసం కదపాల్సింది కాదు.

పాలు నన్నే పొంగించమన్నావు చూడు, ఆ మాట దగ్గర మాత్రం గొంతు పట్టేసింది. మీ చిన్నాడపడుచు చేత పొంగించు. ఆమెని అడగకుండా నన్ను అడిగావని ఆమెకి లోపల ఉండే ఉంటుంది, పైకి అనదు గానీ. నేను రావట్లేదు కాబట్టి అడిగానని మాత్రం ఆమెతో అనకు. "నువ్వే పొంగించాలి" అను, అంతే.

ఇక పులిహోర. వంటవాళ్ళు మధ్యాహ్నం భోజనాలకే వస్తారు, పొద్దున ప్రసాదం అరవైమందికి నా చేతి పులిహోర అన్నావు కదా. అది ఆగదు. చింతపండు గుజ్జు నేనిక్కడే చేసి మా తమ్ముడి చేత పంపుతున్నా. వాడు 4వ తేదీ సాయంత్రానికి తెనాలి దిగుతాడు, ఎనిమిదింటికల్లా మీ పాతింటికి తెచ్చి ఇస్తాడు. రెండు లీటర్ల స్టీలు డబ్బా, మూతకి గుడ్డ కట్టి ఉంటుంది. నూనె పైకి తేలేదాకా మగ్గబెట్టిన గుజ్జు కనుక రాత్రికి బయటే ఉన్నా ఏమీ కాదు. అందులో 350 గ్రాముల కొత్త చింతపండు, 150 మిల్లీలీటర్ల నువ్వుల నూనె, నిమ్మకాయంత బెల్లం ఉంటాయి. పాత చింతపండైతే రంగు నల్లగా దిగుతుందని కొత్తదే తీసుకున్నా. ఉప్పు కూడా అందులోనే వేసేస్తున్నా, 75 గ్రాములు, మొత్తం అన్నానికి సరిపడా. ఇది పిన్నికి గట్టిగా చెప్పు. అలవాటు కొద్దీ అన్నంలో గుప్పెడు ఉప్పు వేసేస్తుంది, అప్పుడు నీళ్ళు చల్లుకుని తినాలి.

బియ్యం రెండున్నర కిలోలు, పాతవి. వండితే ఏడు కిలోల దాకా అవుతుంది, అరవై దొన్నెలకి నిండుగా వస్తుంది. కొత్తింటి పొయ్యి మీద ముందు పాలే పొంగాలి కాబట్టి 4:38 ముహూర్తం, ఆ తర్వాత పరమాన్నం అయ్యేదాకా అన్నం ఎసరు పెట్టొద్దు. అయిదుంబావుకి పెట్టించు. కుక్కర్లో వద్దు, ఇంత అన్నం అడుగున ముద్దయిపోతుంది. నీళ్ళు ఎక్కువ పోసి, మెతుకు నొక్కితే మధ్యలో సన్నటి పలుకు తగిలే దశలో గంజి వార్చెయ్యాలి. వార్చాక కూడా ఆ వేడికి ఇంకాస్త ఉడుకుతుంది. అందుకే పూర్తిగా ఉడికాక వారిస్తే కలిపేటప్పుడు చిదిగిపోతుంది.

వార్చిన అన్నాన్ని వెడల్పాటి స్టీలు బేసిన్‌లో పరవండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు తగిలితే రుచి మారుతుంది. వేడి మీదే రెండు చెంచాల పసుపు, 50 మిల్లీలీటర్ల పచ్చి నూనె, రెండు గుప్పెళ్ళ కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయలు పాతిక వేసి, అన్నం కింద కప్పేసి వదిలెయ్యండి. ఆ వాసన అన్నానికి అప్పుడే పడుతుంది. నలభై నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు. అందరూ తప్పేది ఇక్కడే, తొందరపడి వేడిగా ఉండగానే గుజ్జు వేసి గరిటె తిప్పేస్తారు. మెతుకు విరిగి మొత్తం పేస్టు అయిపోతుంది. చెయ్యి పెడితే చల్లగా తగిలాకే, చేత్తోనే, కింద నుంచి పైకి తియ్యాలి.

గుజ్జులో ముప్పాతిక వంతు ముందు కలపండి. మిగిలింది పక్కన పెట్టి, పది నిమిషాలాగి రుచి చూసి, కావలిస్తేనే వెయ్యండి. కలిపిన వెంటనే పులుపు తక్కువ అనిపిస్తుంది. గంట గడిచాక అన్నం పీల్చుకుని సరిగ్గా తెలుస్తుంది. ఆరున్నరకి కలిపితే ఎనిమిదింటికి పంచేవేళకి దాని అసలు రుచి వస్తుంది.

పోపుకి 150 మిల్లీలీటర్ల నూనె. వేరుశనగ గుళ్ళు 200 గ్రాములు విడిగా వేయించి తీసి పెట్టుకోవాలి. పప్పులతో కలిపి వేస్తే గుళ్ళు వేగేలోపు మినప్పప్పు మాడుతుంది. తర్వాత అదే నూనెలో శనగపప్పు 100 గ్రాములు, అది రంగు తిరుగుతుంటే మినప్పప్పు 50, ఆవాలు రెండు చెంచాలు, ఎండుమిరపకాయలు పదిహేను, తరిగిన అల్లం 50 గ్రాములు, చివర ఇంగువ. గుళ్ళు మాత్రం పంచే ముందు కలపండి, ముందే వేస్తే మెత్తబడతాయి.

మీ అత్తగారికి ఆవపెట్టిన పులిహోరే పులిహోర అని మర్చిపోలేదు. రెండు పెద్ద చెంచాల ఆవాలు, మూడు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పుతో అప్పటికప్పుడు కాసిని నీళ్ళు చిలకరించి నూరి, బాగా చల్లారిన అన్నంలో చివరగా కలపాలి. వేడి అన్నంలో పడితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. అందరికీ నచ్చకపోవచ్చు కాబట్టి నాలుగో వంతు అన్నం తీసి దానికే పెట్టండి. నూరే ముద్ద కూడా పైన చెప్పిన కొలతలో నాలుగో వంతే చాలు. కలిపాక మూత బిగించి పెట్టకండి, ఆవిరి నీళ్ళు కారి అన్నం తడిసిపోతుంది. పల్చటి గుడ్డ కప్పితే చాలు.

ఇది ఎవరు కలుపుతారో నిర్ణయించి ఈ భాగం వాళ్ళకి పంపించు. నువ్వు మాత్రం కలపకు. పీటల మీద కూర్చున్న మనిషి మధ్యలో లేచి బేసిన్ దగ్గరికి రాకూడదు.

తమ్ముడి చేత డబ్బా, తమలపాకులు రెండు కట్టలు, నువ్వడిగిన ఇత్తడి గంట వస్తాయి. చీర, అన్నయ్యగారికి పంచె రావు. అవి బొట్టు పెట్టి చేతిలో పెట్టాల్సినవి, కవర్లో పెట్టి పంపేవి కావు. నేనొచ్చినప్పుడే పెడతా.

ఎప్పుడొస్తానో కూడా చెప్పేస్తా, లేకపోతే "ఎప్పుడైనా వస్తాలే" అన్న మాటతోనే రెండేళ్ళు గడిచిపోతాయి మనకి. ఈయన 15న వచ్చేస్తారు. ఉగాది 19న. 20వ తేదీ శుక్రవారం రాత్రి కాచిగూడలో డెల్టా ఎక్కితే శనివారం తెల్లారేసరికి తెనాలి. ఆదివారం రాత్రి తిరుగు రైలు. అప్పటికి అత్తయ్యకి చుక్కలు తగ్గుతాయి, రెండురోజులు ఈయన చూసుకుంటారు. టికెట్లు ఇవాళ సాయంత్రమే తీసుకుంటా. నీకు ఆ శని, ఆదివారాలు కుదరకపోతే ఇప్పుడే చెప్పు, ఆ పైవారానికి మార్చుకుంటా. చుట్టాలంతా వెళ్ళిపోయాక వస్తే ఇల్లు తీరిగ్గా చూడొచ్చు. ఆవేళ వచ్చినా నీతో నాలుగు మాటలు కూడా పడేవి కావులే.

ఒకటి రెండు కోరికలు. ముహూర్తం టైముకి నాకు వీడియో కాల్ పెట్టించకు. ఆ చీకట్లో, పొగలో ఫోన్ పట్టుకుని నిలబడ్డవాళ్ళకి పూజా కనపడదు, నాకూ ఏమీ కనపడదు. గడపకి పసుపు రాసి ముగ్గు పెట్టాక ఒక్క ఫొటో తీసి పంపు, ఖాళీ అయినప్పుడే. పూర్ణాలు నాకోసం దాచకు, పదిహేను రోజులు నిలవుండవు. అరిసెలైతే నాలుగు దాచు.

పిన్నికి నేనే ఫోన్ చేసి చెప్తా, రేపు పొద్దున పదింటికి. రానంటే ఓ పది నిమిషాలు తిడుతుంది. ఆ తిట్లు నీ దాకా రానివ్వను. అన్నయ్యగారికి మాత్రం నువ్వే చెప్పు.

ఇంటి లొకేషన్ పంపు. 21న స్టేషనుకి ఎవర్నీ పంపొద్దు, ఆటోలో వచ్చేస్తా. తెల్లవారుజామున గేటు తాళం తీసి ఉంచు చాలు.

నీ
సుజాత